పేరు చేర్చిన రోజే పెద్ద మొత్తం ఎందుకు కదలదు?

కిందటేడు ఒక గురువారం తెనాలిలో మా బావగారి స్థలం రిజిస్ట్రేషన్. డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు సిద్ధం చేసి ఉంచాడు. అమ్మేవాళ్లు విజయవాడ నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఒంటిగంటన్నరకు రాహుకాలం మొదలవుతుంది కాబట్టి ఈలోపే సంతకాలు అయిపోవాలని మా అక్క పట్టుదల. ఇవ్వాల్సింది ఇంకా 9 లక్షలు. అది చిటికెలో పని అనుకున్నారు బావగారు. రెండు రోజుల ముందే ఆయన నెట్ బ్యాంకింగ్ రిజిస్టర్ చేసుకున్నారు మరి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నిలబడి అమ్మేవాళ్ల ఖాతా నంబరు కొట్టారు. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టారు. బెనిఫిషియరీ చేరిందని మెసేజ్ వచ్చింది. 9,00,000 అని వేసి నొక్కగానే తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటల్లో 50 వేలకు మించి పంపడం కుదరదని వాటి సారాంశం.

"నా డబ్బు, నా ఖాతా, నా ఫోను. మధ్యలో ఆపడానికి వీళ్లెవరయ్యా?" అన్నారు బావగారు నావైపు తిరిగి.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి చెక్కుబుక్కు తెచ్చి, బ్యాంకులో వరసలో నిలబడి ఆర్‌టీజీఎస్ ఫారం నింపి పంపేసరికి మూడు దాటింది. సంతకాలు నాలుగింటికి అయ్యాయి. ఆ రోజు నేనూ బావగారి పక్షమే. ఆ తర్వాత నాలుగు నెలలకు, ఒక స్నేహితుడి ఇంట్లో జరిగింది చూశాక నా అభిప్రాయం మారింది. అది అర్థం కావాలంటే ముందు ఈ పని ఎలా మొదలవుతుందో తెలియాలి.

నెట్ బ్యాంకింగ్‌కు మొదటిసారి రిజిస్టర్ చేసుకునేటప్పుడు పాస్‌బుక్కు మొదటి పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ లేదా సీఐఎఫ్ నంబరు, బ్రాంచి కోడ్ దాని మీదే ఉంటాయి. చాలా బ్యాంకులు అడిగేవి ఇవే, వీటితోపాటు ఖాతాకు జతచేసిన మొబైల్ నంబరు. ఆ నంబరుకు ఓటీపీ వస్తుంది. తర్వాత మీరు మీరేనని ఏటీఎం కార్డు వివరాలతో రుజువు చేసుకోవాలి. కార్డు లేకపోతే ఇంట్లో కూర్చుని పూర్తిచేయడం చాలా బ్యాంకుల్లో కుదరదు, బ్రాంచికి వెళ్లి యాక్టివేట్ చేయించుకోవాలి. ఎక్కువమంది ఆగిపోయేది మొబైల్ నంబరు దగ్గర. పదేళ్ల కిందట ఇచ్చిన నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, బ్యాంకులో మాత్రం పాతదే ఉంటుంది. అప్పుడు ముందు బ్యాంకులో నంబరు మార్పించుకోవాలి.

బ్యాంకు సైటును గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన లింకు నొక్కేయకండి. అచ్చం బ్యాంకు సైటులాగే ఉండే నకిలీలు అక్కడ పొంచి ఉంటాయి. ఈ బెడద తగ్గించడానికే రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఒక ఆదేశం ఇచ్చింది. బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31 లోగా తమ సైటు చిరునామాను `bank.in` తో ముగిసేలా మార్చుకోవాలి. ఆ చిరునామాలను నమోదు చేసి ఇచ్చే అధికారం మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. అది బ్యాంకింగ్ సాంకేతికత కోసం రిజర్వ్ బ్యాంకు స్థాపించిన సంస్థ. బ్యాంకు కానివాడికి ఆ చిరునామా దొరకదు. అందుకని పాస్‌వర్డ్ కొట్టేముందు పైన ఉన్న చిరునామాను చివరిదాకా చదవండి.

రిజిస్ట్రేషన్ చివర్లో చాలా బ్యాంకులు రెండు పాస్‌వర్డులు పెట్టుకోమంటాయి. ఒకటి లోపలికి వెళ్లడానికి. రెండోది డబ్బు పంపడానికీ, బెనిఫిషియరీని చేర్చడానికీ. దీన్ని కొన్ని బ్యాంకులు ప్రొఫైల్ పాస్‌వర్డ్ అంటాయి, కొన్ని ట్రాన్సాక్షన్ పాస్‌వర్డ్ అంటాయి. మొదటిది వీధి తలుపు తాళంచెవి, రెండోది బీరువా తాళంచెవి. గుర్తుండదని రెండూ ఒకటే పెట్టుకుంటే, వీధి తలుపు తీసినవాడికి బీరువా కూడా అప్పగించినట్టే.

ఇక బెనిఫిషియరీ. మీరు డబ్బు పంపదలచుకున్న మనిషి ఖాతాను ముందుగా మీ జాబితాలో రాసిపెట్టుకోవడమే ఇది. పేరు, ఖాతా నంబరు రెండుసార్లు, వేరే బ్యాంకైతే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, ఆ మనిషికి గరిష్ఠంగా ఎంత పంపుతారన్న పరిమితి, ఆ తర్వాత ఓటీపీ. ఐఎఫ్‌ఎస్‌సీలో పదకొండు గడులుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరూ బ్రాంచివి. ఆ ఐదో గడిలో సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టి, కోడ్ తప్పంటోందని తల పట్టుకునేవాళ్లు ఎందరో. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్కుల మీద ఉన్న `ANDB0` కోడ్‌లు ఇప్పుడు చెల్లవు, `UBIN0` తో మొదలయ్యే కొత్త కోడ్ కావాలి. ఎవరైనా పాత పాస్‌బుక్కు ఫొటో పంపితే కొత్త కోడ్ అడిగి తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి పేరు గురించి. మీరు కొట్టిన పేరుకూ, డబ్బు చేరే చోటుకూ సంబంధం లేదు. డబ్బు నడిచేది ఖాతా నంబరును బట్టే. 2010 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వచ్చిన డబ్బును జమచేయడానికి బ్యాంకులు ఖాతా నంబరు ఒక్కటే చూస్తే చాలు. మీరు వెంకటేశ్వర్లు అని రాసి సుబ్బారావు నంబరు కొడితే డబ్బు సుబ్బారావుకే పోతుంది. పేరు మీ జాబితాలో మీ గుర్తుకోసం రాసుకున్నది మాత్రమే.

ఈ లోటు తీర్చే ఏర్పాటు ఈమధ్యే వచ్చింది. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొట్టగానే ఆ ఖాతా అసలు ఎవరి పేరున ఉందో అవతలి బ్యాంకు రికార్డు నుంచి తెచ్చి చూపించే సౌకర్యాన్ని నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపకాలకు 2025 ఏప్రిల్ 1 లోగా పెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దీనికి ఖాతాదారు దగ్గర రుసుము తీసుకోకూడదు. ఇది ఎంత మేలు చేస్తుందో బావగారి దగ్గరే చూశాను. వరండాలో ఆయన వాట్సాప్‌లో వచ్చిన పాస్‌బుక్కు ఫొటో చూసి నంబరు కొడుతున్నారు. మడత మీద పడిన 6ను 8 అనుకున్నారు, రెండుసార్లూ 8 అనే కొట్టారు. రెండు గడులూ సరిపోయాయి కాబట్టి కంప్యూటరుకు అనుమానం రాలేదు. కానీ తెర మీద వచ్చిన పేరు అమ్మేవాళ్లది కాదు, ఎవరో మహిళది. అక్కడ ఆగి నంబరు మళ్లీ అడిగి తీసుకున్నాం. ఆ పేరు చదవకుండా ముందుకు వెళ్లి ఉంటే, తర్వాత తప్పు ఖాతా నుంచి డబ్బు రాబట్టుకోవడానికి ఆవిడ ఒప్పుకోలు కోసం తిరగాల్సి వచ్చేది.

పేరు సరిచూసుకున్నా పెద్ద మొత్తం వెంటనే కదలదు. దీన్నే కూలింగ్ పీరియడ్ అంటారు. ఇది అన్ని బ్యాంకుల్లో ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల కొత్త ఖాతా కొన్ని గంటల తర్వాతగానీ పనిచేయడం మొదలుపెట్టదు. కొన్నిచోట్ల వెంటనే పనిచేస్తుంది కానీ మొదటి 24 గంటలు 50 వేలకు మించనివ్వరు. మొదటి నాలుగు రోజుల్లో మొత్తం ఇంతకు మించకూడదని పెట్టిన బ్యాంకులూ ఉన్నాయి. మీ బ్యాంకులో ఎంతో బెనిఫిషియరీ చేర్చే తెర మీదే రాసి ఉంటుంది. మనం చదవకుండా దాటేసేది సరిగ్గా అదే.

ఇప్పుడు స్నేహితుడి ఇంటి సంగతి. అతనిది కూకట్‌పల్లి. వాళ్ల నాన్నగారికి 71 ఏళ్లు. ఒకరోజు సాయంత్రం ఆయనకు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అంటూ ఒక ఫైలు వచ్చింది. అది ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో దిగిపోయే ప్రోగ్రామ్. ఆయన నొక్కారు. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే ఇచ్చారు. చలానా కట్టాలంటే బ్యాంకు వివరాలు ఇవ్వమంటే అవీ కొట్టారు. చలానా ఏమీ కనిపించలేదు. సరే, రేపు చూద్దాంలే అని పడుకున్నారు.

రాత్రి 12:50కి ఆయన ఖాతాలో ఎవరిదో ఒక పేరు బెనిఫిషియరీగా చేరింది. ఓటీపీ ఫోనుకే వచ్చింది, కానీ దాన్ని చదివింది ఆ ప్రోగ్రామ్. రెండు నిమిషాల్లో 50 వేలు వెళ్లిపోయాయి. ఖాతాలో అంతకుముందు వారమే ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి జమపడిన 11 లక్షలకు పైగా ఉన్నాయి. దొంగ మళ్లీ మళ్లీ ప్రయత్నించాడని తర్వాత బ్యాంకువాళ్లు చెప్పారు. బావగారికి కనిపించిన ఎర్ర అక్షరాలే వాడికీ కనిపించాయన్నమాట.

హెచ్చరిక మెసేజ్‌లు నాన్నగారికి కనపడలేదు. అయితే ఖాతాలో ఈమెయిల్ కొడుకుది ఇచ్చి ఉంది. అతను తెల్లవారి పావుతక్కువ ఆరింటికి లేచి ఫోను చూస్తే రెండు మెయిళ్లున్నాయి, ఒకటి కొత్త బెనిఫిషియరీ చేరినట్టు, రెండోది 50 వేలు వెళ్లినట్టు. వెంటనే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించాడు. తర్వాత 1930కి ఫోన్ చేశాడు. ఆ 50 వేలు తిరిగి రాలేదు. పదకొండు లక్షలు ఖాతాలోనే ఉన్నాయి. పడుకున్న ఇంట్లో మనిషి నిద్రలేచేదాకా ఆ డబ్బును కాపాడింది 24 గంటల నిబంధన ఒక్కటే.

దొంగకు ఈ ఆలస్యం ఎందుకు అంత అడ్డమో చూడండి. మీ ఖాతాలోకి దూరినా, అక్కడున్న డబ్బును వాడు మీ జాబితాలోని మీ అబ్బాయికో, ఇంటి ఓనరుకో పంపి ఏం చేసుకుంటాడు? వాడికి వాడి ఖాతా పేరు ఆ జాబితాలో కావాలి. అంటే మోసం జరిగేముందు కొత్త పేరు చేరి తీరాలి. నూటికి తొంభై ఇళ్లలో కొత్త పేరు చేర్చేది ఏ రెండు మూడు నెలలకోసారో. చేర్చిన వెంటనే, అదీ అర్ధరాత్రి, లక్షలు పంపాల్సిన అవసరం నిజమైన ఖాతాదారుకు చాలా అరుదుగా వస్తుంది. దొంగకు మాత్రం ప్రతిసారీ వస్తుంది. అందుకే కాపలా అక్కడ పెట్టారు.

ఇక వాడు చేర్చే ఖాతా కూడా వాడి సొంతం కాదు. కొద్దిపాటి కమిషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతా, వీటినే మ్యూల్ ఖాతాలు అంటున్నారు. అందులో పడ్డ డబ్బు నిమిషాల్లో నాలుగైదు ఖాతాలుగా చీలి, అక్కడినుంచి ఏటీఎంల్లో నోట్లుగా బయటికి వచ్చేస్తుంది. మన పంపకాలు అంత వేగంగా తయారయ్యాయి. ఐఎంపీఎస్ క్షణాల్లో చేరుతుంది. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తున్నాయి. ఇంతకుముందు బ్యాంకు తెరిచేదాకా డబ్బు కదిలేది కాదు, ఆ రాత్రి దానంతటదే ఒక గడువుగా పనిచేసేది. ఇప్పుడు ఆ గడువును చేత్తో కల్పించాల్సి వస్తోంది. వెళ్లిపోయిన డబ్బును బ్యాంకు వెనక్కి లాగలేదు, ఎక్కడైనా ఇంకా మిగిలి ఉంటే స్తంభింపజేయగలదు, అంతే. కాబట్టి ఆపగలిగేది వెళ్లకముందే.

రిజర్వ్ బ్యాంకు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన సర్క్యులర్‌లోనే దీనికి పునాది ఉంది. ఒక ఖాతాలో రోజుకు ఎందరిని చేర్చవచ్చో పరిమితి పెట్టమనీ, కొత్త బెనిఫిషియరీ చేరగానే ఖాతాదారుకు హెచ్చరిక పంపమనీ అందులో బ్యాంకులకు చెప్పారు. ఈ పరిమితి లేకపోతే 50 వేల నిబంధనకు అర్థం ఉండదు. దొంగ ఇరవై పేర్లు చేర్చి ఇరవై సార్లు 50 వేలు పంపేవాడు.

ఈ గడువులో మీరు ఫిర్యాదు చేయడం డబ్బు బాధ్యత ఎవరిదన్న లెక్కను కూడా మారుస్తుంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఓటీపీనో పాస్‌వర్డో బయటపెట్టి ఖాతాదారే పొరపాటు చేసినప్పుడు, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. చెప్పిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుది. కూకట్‌పల్లి పెద్దాయన విషయంలో చెప్పేలోపు పోయింది 50 వేలు. గడువు లేకపోతే ఆ రాత్రే మొత్తం పోయేది, అదంతా ఆయన లెక్కలోనే పడేది.

అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. మీరే నమ్మి ఎప్పుడో చేర్చుకున్న ఖాతాకు ఈ గడువు ఉండదు. బ్యాంకుకు వెళ్లి మీ చేత్తో ఆర్‌టీజీఎస్ ఫారం రాసిస్తే ఉండదు. డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించేవాళ్లు పెద్దవాళ్లను బ్రాంచిదాకా నడిపించి చెక్కులు రాయించింది ఇందుకే. గడువు తీరేదాకా రోజుల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా చూసే మోసగాళ్లూ ఉన్నారు. ఆ గంటల్లో ఇంట్లో ఒక్కరికైనా సంగతి చెబితేనే గడువు పనికొస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి "ఇప్పుడే బెనిఫిషియరీ చేర్చండి, రేపు గడువు కాగానే పంపండి" అని మీకు నేర్పుతుంటే అది మోసమని అక్కడే తేల్చుకోవచ్చు.

మళ్లీ బావగారి గురువారానికి వద్దాం. ఆయన బ్యాంకులో గడువు 24 గంటలు. సంతకాలు గురువారం పదకొండింటికైతే, బుధవారం పదకొండుకు ముందే పేరు చేర్చి ఉంటే సరిపోయేది. నాలుగు రోజుల గడువున్న బ్యాంకైతే శనివారమే చేర్చుకోవాలి. అలా ముందే చేర్చుకుని ఒక రూపాయి పంపి, అందిందా అని అవతలివాళ్లను ఫోన్లో అడగాలి. అప్పుడు నంబరు సరైనదేనన్న నమ్మకం కూడా కుదురుతుంది. 9 లక్షలు ఐఎంపీఎస్‌లో ఒకేసారి పోవు, దాని పరిమితి 5 లక్షలు. 2 లక్షలు, ఆపైన మొత్తాలకు ఆర్‌టీజీఎస్ ఉంది. గడువు తీరినా నెట్ బ్యాంకింగ్‌లో రోజుకు ఇంతే పంపాలన్న పరిమితి ఇంకొకటి ఉంటుంది. బెనిఫిషియరీకి మీరే పెట్టిన పరిమితి వేరు. ఈ రెండూ 9 లక్షలకు పైన ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోవాలి. అప్పటికీ కుదరదనిపిస్తే చెక్కుబుక్కు సంచిలో వేసుకునే బయల్దేరాలి.

బావగారు ఈ ఏడాది ఇల్లు కట్టిస్తున్నారు. మేస్త్రీతో, సిమెంటు డీలరుతో బేరం కుదిరిన రోజే వాళ్ల ఖాతాలు చేర్చి తలా ఒక రూపాయి పంపారు. అసలు డబ్బు ఇవ్వాల్సింది పది రోజుల తర్వాత.

మీ అమ్మానాన్నల ఖాతాలో ఈమెయిల్ ఎవరిదుందో ఈ వారమే చూడండి. ఏదీ లేకపోతే మీది ఇప్పించండి. మీరు చేర్చని పేరు చేరినట్టు మెసేజ్ గానీ మెయిల్ గానీ వస్తే అందులో ఉన్న లింకు నొక్కకండి. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా `cybercrime.gov.in` లో ఫిర్యాదు ఇవ్వండి. తెల్లవారనీ అని ఆగకండి.